కాటా లెక్క తేల్చింది ఎవరు?

సూర్యాపేట,
ఆదివారం

చిన్నీ,

నువ్వు పంపిన రెండు మెయిళ్లూ చదివాను. మొదటిది మీ మిర్యాలగూడ మేనేజర్ గారు శుక్రవారం సాయంత్రం అందరికీ పంపింది. రెండోది దానికి జవాబుగా నువ్వు రాసుకుని, పంపకుండా ఆగి, "పెద్దమ్మా, ఇట్లనే పంపనా?" అని నాకు పెట్టింది. ఆగి మంచి పని చేశావు. అది పంపొద్దు. అట్లని ఊరుకోమనీ చెప్పను. మీ అమ్మయితే "చేసిన పని దేవుడు చూస్తాడులే బిడ్డా" అంటుంది, నాకు తెలుసు. దేవుడు చూస్తాడేమో గానీ, హైదరాబాద్‌లో కూర్చున్న మీ డైరెక్టర్ గారు చూసేది ఆ మెయిల్ ఒక్కటే.

ముందు జరిగిందేమిటో నాకు అర్థమైనంత వరకు చెప్తాను. తప్పుంటే దిద్దు. మీ మిల్లుకు కొనుగోలు కేంద్రాల నుంచి లారీల్లో వడ్లు వస్తాయి. సూర్యాపేట వైపు కేంద్రాల లెక్క నీ దగ్గర, కోదాడ వైపుది అక్కడి గుమస్తా అబ్బాయి దగ్గర ఉంటుంది. రెండూ కూడేది మిర్యాలగూడ ఆఫీసులో. లారీతో వచ్చే ట్రక్‌షీట్‌లో ఒక బరువుంటే, మీ ఎక్సెల్ షీట్‌లో ఇంకో బరువుంది. సీజన్ మొదలైనప్పటి నుంచీ ఇదే గొడవ.

500 బస్తాల లారీ ఒకటి తీసుకుందాం. బస్తాకు 40 కిలోల చొప్పున వడ్లు నికరంగా 200 క్వింటాళ్లు. ఖాళీ గోనెసంచి 580 గ్రాములు అనుకుంటే సంచుల బరువే 290 కిలోలు. లారీ బరువు పోను కాటా మీద 202.9 క్వింటాళ్లు చూపించాలి, అందులోంచి సంచుల బరువు తీసేస్తే 200 తేలాలి. కోదాడ వైపు లారీలు తూగే కాటాలో సంచుల బరువు ముందే తీసేసి చీటీ ఇస్తున్నారు. మిర్యాలగూడలో ఆ చీటీ మీది 200ను సంచులతో కలిపిన బరువనుకుని ఇంకోసారి 290 కిలోలు తీసేస్తున్నారు. అట్లా లారీకి 2.9 క్వింటాళ్లు కాగితం మీద మాయమయ్యాయి. ఏ గ్రేడు వడ్లకు 2025-26 మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. ఆ లెక్కన లారీకి దాదాపు 6,900 రూపాయలు. వడ్లు దారిలో పోయాయని డ్రైవర్లనూ, తూకంలో మోసమని కేంద్రాల వాళ్లనూ నెలల తరబడి అనుమానించారు. కొందరికి లారీ కిరాయి కూడా ఆపారు.

నువ్వేం చేశావు? 112 లారీల ట్రక్‌షీట్లనూ కాటా చీటీలనూ పక్కపక్కన పెట్టి సరిచూశావు. 41 లారీల్లోనే తేడా ఉందనీ, అవన్నీ కోదాడ వైపువేననీ, ప్రతిచోటా ఆ తేడా సంచుల బరువుకు సమానంగా ఉందనీ పట్టుకున్నావు. అన్నీ ఇంచుమించు 500 బస్తాల లారీలే కాబట్టి మొత్తం తేడా సుమారు 119 క్వింటాళ్లు. అయితే అక్కడి కాటాలో సంచుల బరువు ముందే పోతోందన్న సంగతి నీకు ఫోన్లో చెప్పింది కోదాడ అబ్బాయి. ఆ తర్వాత మేనేజర్ గారు అకౌంట్స్ వాళ్లను కూర్చోబెట్టి ఫార్ములా మార్పించారు, లారీ ఓనర్లతో మాట్లాడి ఆపిన కిరాయి ఇప్పించారు.

ఇక ఆయన మెయిల్. "కాటా తేడాల సమస్య పూర్తిగా పరిష్కరించబడింది. 119 క్వింటాళ్ల లెక్క సరిచేయబడింది. సహకరించిన టీం అందరికీ ధన్యవాదాలు." అంతే. పైన ఆయన పేరు, కింద ఆయన సంతకం, మధ్యలో నీ షీట్‌లోంచి కాపీ చేసి అతికించిన పట్టిక. డైరెక్టర్ గారు వెంటనే "చాలా బాగా చేశారు" అని ఆయనకు జవాబిచ్చారు. నీకు కాలిందంటే తప్పు లేదు.

ఇప్పుడు నీ జవాబు చూద్దాం. "సార్, ఈ షీట్ మొత్తం నేనే తయారు చేశాను. మూడు వారాలు రాత్రింబవళ్లు కష్టపడి నేనొక్కదాన్నే 112 లారీలు చెక్ చేశాను. దయచేసి ఈ విషయం అందరూ గమనించగలరు."

ఇది చదివేది ఎవరెవరో ఒకసారి తలుచుకో. కోదాడ అబ్బాయి చదువుతాడు. అతనికి "ఒక్కదాన్నే" అన్న దగ్గరే అడ్డు తగులుతుంది, ఎందుకంటే అసలు కిటుకు చెప్పింది తను. నీ తరఫున నిలబడాల్సిన ఒక్క సాక్షినీ నువ్వే దూరం చేసుకున్నావన్నమాట. డైరెక్టర్ గారు చదువుతారు. "రాత్రింబవళ్లు కష్టపడి" అన్న మాటతో ఆయన చేయగలిగింది ఏమీ లేదు. కొందరైతే, ఇంత చిన్న లెక్కకు మూడు వారాలా అని కూడా అనుకుంటారు. మేనేజర్ గారు చదువుతారు. చివరి వాక్యం ఆయనకు నలుగురిలో వేసిన ఫిర్యాదులాగే వినిపిస్తుంది. నీ మూడు వాక్యాల్లో పనికొచ్చే ముక్క ఒక్కటే ఉంది: "112 లారీలు చెక్ చేశాను." అది పని, దాన్ని ఎవరైనా షీట్ తెరిచి చూసుకోవచ్చు. మిగతాదంతా ఆ పని చుట్టూ నువ్వు పడ్డ బాధ. గొప్పలు చెప్పుకున్నట్టు అనిపించేది ఆ బాధ వల్లే.

నువ్వు అడగాల్సింది మెప్పు కాదని నా అభిప్రాయం. ఆ పని గురించి రేపు ఎవరికైనా అనుమానం వస్తే ఎవరి దగ్గరికి రావాలో మెయిల్‌లో ఉండాలి, అది చాలు. ఇది నాకు ఆఫీసు నేర్పింది, కాబట్టి కాస్త ఓపికగా విను.

మా రెవెన్యూ ఆఫీసులో ఫైలుకు రెండు భాగాలుండేవి. వచ్చిన కాగితాలూ పోయే కాగితాలూ ఉండేది కరెంట్ ఫైలు. రెండోది నోట్ ఫైలు. అందులో సీనియర్ అసిస్టెంట్ పేరాలకు నంబర్లు వేసి రాస్తాడు: దరఖాస్తులో ఏం అడిగారు, రికార్డు ఏం చెప్తోంది, నిబంధన ఏమిటి, ఏం చేయవచ్చు. కింద పొడి సంతకం, తేదీ. నేను సూపరింటెండెంట్‌గా దాని కింద నా మాట రాసి సంతకం చేసేదాన్ని. ఆ పైన తహసీల్దారు గారి ఉత్తర్వు. బయటికి పోయే కాగితం మాత్రం తహసీల్దారు పేరు మీదే పోయేది. దాన్ని ఎవరూ మోసమనలేదు, పెద్దాయన పేరు మీద పోవడం ఆఫీసు మర్యాద. కానీ మూడో పేరాలో పాత పహాణీ వెతికి తప్పు పట్టింది ఎవరో నోట్ ఫైలు తెరిస్తే తెలిసిపోయేది.

దాని విలువ మాకు 2016 అక్టోబర్ 11న తెలిసింది. ఆ రోజు నల్గొండ జిల్లా నుంచి సూర్యాపేట జిల్లా విడిపోయింది. కోదాడ మా వైపు వచ్చింది, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. ఫైళ్లు పంచుకున్నారు, మనుషులు కూడా అటూ ఇటూ అయ్యారు. కొత్త కుర్చీలో కూర్చున్నవాళ్లకు పాత ఫైలులో ఒక సర్వే నంబరు ఎందుకు మార్చారో అర్థం కాకపోతే, పొడి సంతకం చూసి ఆ మనిషికి ఫోన్ చేసేవాళ్లు. రెండు నిమిషాల్లో తేలిపోయేది. సంతకం సరిగా లేని ఫైళ్లకు మొదటి నుంచీ మళ్లీ విచారణ చేసుకోవాల్సి వచ్చేది. ఆ పొడి సంతకాన్ని ఎవరూ గొప్పలు చెప్పుకోవడం అనుకోలేదు, లేకపోతేనే తిట్టుకున్నారు.

మీలాంటి ప్రైవేటు ఆఫీసుల్లో నోట్ ఫైలు లేదు. బయటికి పోయే కాగితమూ మెయిలే, లోపలి నోటూ మెయిలే. మేనేజర్ గారు పంపింది ఉత్తర్వులాంటిది. దాని కింద ఉండాల్సిన నోట్ ఎవరూ రాయలేదు. నువ్వు రాయాల్సింది అదే. తెలుగులో రాసి చూపిస్తున్నాను, నువ్వు మీ ఆఫీసు ఇంగ్లీషులోకి మార్చుకో. ఆయన మెయిల్‌కే అందరికీ జవాబుగా పెట్టు, కొత్త మెయిల్ మొదలుపెట్టొద్దు.

"సార్, నమస్కారం. వచ్చే సీజన్‌లో ఈ లెక్క మళ్లీ చూడాల్సి రావచ్చు కాబట్టి వివరాలు ఇక్కడ కలుపుతున్నాను. 112 లారీల ట్రక్‌షీట్లను కాటా చీటీలతో నేను సరిచూశాను, షీట్ జత చేశాను. తేడా ఉన్నవి 41, అన్నీ కోదాడ వైపువి, ప్రతిచోటా తేడా సంచుల బరువుకు సమానం. ఆ కాటా చీటీలో సంచుల బరువు ముందే తీసేస్తున్నారని గుర్తించి చెప్పింది కోదాడ ఆఫీసు నుంచి ఫలానా. మేనేజర్ గారు అకౌంట్స్‌లో ఫార్ములా మార్పించాక 35 లారీల లెక్క కలిసింది. మిగిలిన 6 లారీల చీటీల్లో సంచుల సంఖ్య చెరిగిపోయింది, వాటికి ప్రస్తుతానికి ట్రక్‌షీట్‌లోని సంఖ్యే తీసుకున్నాను, ఇంకా నిర్ధారించాలి. షీట్ గురించి సందేహం ఉంటే నన్ను, కాటా చీటీల గురించి అయితే ఫలానాను అడగండి."

"ఫలానా" ఉన్నచోట ఆ అబ్బాయి పూర్తి పేరు రాయి. "కోదాడ టీం" అని రాయొద్దు.

ఇందులో నీ పేరున రెండు పనులున్నాయి: సరిచూడటం, ఆ 6 లారీలకు ఏ సంఖ్య తీసుకోవాలో నిర్ణయించడం. రెండూ చేసిన పనులే, కావాలంటే ఎవరైనా పరీక్షించుకోవచ్చు. "చాలా", "పూర్తిగా", "ఎంతో" అన్నవి ఎక్కడా లేవు. పంపే ముందు ఒక పరీక్ష పెట్టుకో. నీ గురించి ఉన్న ప్రతి వాక్యాన్నీ వేలితో మూసి, ఇది లేకపోతే వచ్చే యాసంగిలో ఈ మెయిల్ తెరిచే మనిషికి ఏం తెలియకుండా పోతుంది అని అడుగు. "112 లారీలు నేను సరిచూశాను" మూస్తే, షీట్‌లో 73వ వరుస తప్పనిపిస్తే ఎవరిని అడగాలో తెలియదు. కాబట్టి అది ఉండాలి. "రాత్రింబవళ్లు" మూస్తే ఎవరికీ ఏమీ పోదు. కాబట్టి అక్కర్లేదు.

ఆ 6 లారీల వాక్యాన్ని మాత్రం తీసేయకు. నీ లోపం నువ్వే బయటపెట్టుకున్నట్టు అనిపించి తీసేయాలనిపిస్తుంది. నా అనుభవంలో ఒక పని ఎవరు చేశారో అన్నిటికంటే గట్టిగా చెప్పేది అలాంటి వాక్యమే. పట్టిక ఎవరైనా కాపీ చేసి అతికించగలరు. పట్టికలో ఎక్కడ నేల గట్టిగా లేదో చేసినవాళ్లకే తెలుస్తుంది. గొప్పలు చెప్పుకునేవాళ్లు ఆ చోటు చూపించరు కూడా. అయితే అణకువ కోసమని లేని లోపం కల్పించి రాయొద్దు, అది ఇంకా చెడ్డ సంగతి.

కోదాడ అబ్బాయి పేరు గురించి ఒక మాట. నీ మనసు నొప్పించింది మేనేజర్ గారి "సహకరించిన అందరికీ" అన్న వాక్యం కదా. అసలు కిటుకు పట్టినవాడూ, ఆ రోజు ప్రింటర్‌లో కాగితం పెట్టినవాడూ అందులో ఒకటే అయిపోయారు. మరి అతను నీకు ఫోన్ చేసి చెప్పిన రోజు నుంచి ఈ శుక్రవారం దాకా, నీ మెయిళ్లలో అతని పేరు ఎక్కడైనా ఉందా? నాకు పంపిన వాటిలో వెతికాను, లేదు. ఇది గుచ్చడానికి అనడం లేదు. ఎవరేం చేశారో విడివిడిగా రాసే అలవాటు ఉంటే ఇద్దరి పేర్లూ ఒక్కసారే నిలబడతాయి. ఇతరుల వాటా కచ్చితంగా రాసిన చోట నీ వాటా ఎంతో కూడా దానంతటదే తేలుతుంది, అతిగా అనిపించదు. మేనేజర్ గారు చేసిందీ రాయమన్నది అందుకే. ఆయన చేసింది తక్కువ పనేమీ కాదు. ఆపిన కిరాయి ఇప్పించడం నీ వల్లా నా వల్లా అయ్యేది కాదు.

ఇంకో సంగతి నీకు నచ్చకపోవచ్చు. ఆయన కావాలనే నీ పేరు తొక్కేశారని నువ్వు అనుకుంటున్నావు. అయి ఉండొచ్చు, కానీ అదే మొదటి అనుమానం కానవసరం లేదు. కెనడాలో మైకేల్ రాస్, ఫియోరె సికోలీ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1979లో ఒక పరిశోధన ప్రచురించారు. భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి ఇంటి పనుల్లో మీ వంతు ఎంత అని అడిగారు. చాలా జంటల్లో ఇద్దరి అంచనాలూ కలిపితే మొత్తానికి మించిపోయాయి. అబద్ధాలాడటం వల్ల కాదు. తాను చేసింది తనకు సులువుగా గుర్తొస్తుంది, ఎదుటివాళ్లు చేసింది కళ్లారా చూడలేదు కాబట్టి గుర్తు రాదు. మేనేజర్ గారి బుర్రలో ఉన్నది లారీ ఓనర్లతో పడ్డ వాదన. సూర్యాపేటలో నువ్వు చీటీలు పక్కపక్కన పెట్టుకున్న సాయంత్రాలు ఆయన చూడలేదు. అందుకే మెయిల్‌లో ఎవరి వంతు ఎంత అన్న జోలికి పోకు. "ఎక్కువ భాగం నేనే" అన్నావో, ఆయన లెక్క ఆయనకుంటుంది, వాదన ఎన్నటికీ తెగదు. ఏ పని ఎవరిదో రాస్తే వాదించడానికి ఏమీ మిగలదు.

కాబట్టి మెయిల్ కంటే ముందు ఫోన్. రేపు పొద్దున ఆఫీసు తెరవగానే ఆయనకు ఫోన్ చెయ్యి. "సార్, శుక్రవారం మీరు పెట్టిన మెయిల్ కిందే షీట్ వివరాలు కలుపుతున్నా. కోదాడ నుంచి అబ్బాయి చెప్పిన సంగతి, ఇంకా తేలని 6 లారీల సంగతి కూడా ఉన్నాయి. పంపే ముందు మీకు పెడతా, ఏమన్నా తప్పుంటే చెప్పండి." ఇంతే. "పెట్టొచ్చా సార్?" అని అడగకు. అది అనుమతి అడగడం, అనుమతి అడిగితే వద్దనే వీలు ఇచ్చినట్టే. తప్పుంటే చెప్పమనడం వేరు. పెద్దవారిని నలుగురిలో ఉలిక్కిపడేలా చేయకుండా మర్యాద నిలుపుతున్నావు, పని మాత్రం ఆగదు.

చాలామంది "పెట్టమ్మా, మంచిదే" అంటారు. కొందరు "నువ్వొద్దు, నేనే పెడతా" అంటారు. అట్లయితే సంతోషంగా నీ పాఠం ఆయనకు పంపు, బుధవారం దాకా చూడు. ఆయన చేత్తో నీ పేరు రావడం నీ చేత్తో రావడం కంటే మంచిది. బుధవారానికి రాకపోతే "సార్, ఆ 6 లారీల చీటీలు కోదాడ నుంచి తెప్పించాలి, వివరాలు నేను కలిపేస్తున్నా" అని ఒక మాట చెప్పి పంపెయ్యి. ఇక మూడో రకం, "ఎందుకమ్మా ఇవన్నీ, అయిపోయిందిగా" అనేవాళ్లు. ఆయన గట్టిగా వద్దంటే ఆయన్ని దాటి డైరెక్టర్ గారికి పంపొద్దు. అదే పాఠాన్ని, షీట్ జత చేసి, ఆయనకూ కోదాడ అబ్బాయికీ మాత్రం పంపు: "సార్, ఫైలు మీ దగ్గర ఉండటానికి పంపుతున్నాను." తేదీతో సహా అది నిలిచిపోతుంది. రేపు అవసరమైతే అది పైకి తీయవచ్చు, అవసరం పడకపోనూవచ్చు. డైరెక్టర్ గారిని బీసీసీలో దాచి పెట్టే పని మాత్రం ఎప్పుడూ చేయకు. అది బయటపడితే నీ షీట్ సంగతి అందరూ మర్చిపోతారు, నీ బీసీసీ సంగతి ఒక్కరూ మర్చిపోరు.

ఆలస్యం కూడా చేయకు. ఈ వారంలో పంపితే అది పనికి సంబంధించిన వివరం. వచ్చే నెలలో పంపితే పాత గాయం తవ్వినట్టుంటుంది, మాటలు ఇవే అయినా సరే.

నీలో ఇంకో గుణం ఉంది, నేను ఎక్కువ భయపడేది దానికే. పోయిన నెలలో డైరెక్టర్ గారు సూర్యాపేట వచ్చి "ఆ షీట్ బాగుందమ్మా" అన్నప్పుడు నువ్వు ఏమన్నావో నువ్వే చెప్పావు: "నాదేముంది సార్, అంతా టీం." మన ఇళ్లలో ఆడపిల్లలకు ఇది ఉగ్గుపాలతో పోస్తారు. ఆయన ఆ మాటను మర్యాదగా తీసుకుని నమ్మేశారు! అమెరికాలో మాడెలైన్ హైల్‌మన్, మిషెల్ హేన్స్ అనే ఇద్దరు 2005లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఆడ, మగ కలిసి చేసిన పని బాగా వచ్చిందని చెప్పి, ఎవరి పాత్ర ఎంతని జనాన్ని అడిగారు. ఎవరేం చేశారో విడిగా తెలియనప్పుడు, ఆమె పాత్రను మగవాడి పాత్రకంటే తక్కువగా అంచనా వేశారు. ఆమె చేసిన పని ఇదీ అని స్పష్టంగా తెలిసినప్పుడు ఆ చిన్నచూపు నిలవలేదు. "అంతా టీం" అన్న మాట నీ మేనేజర్ గారికి చేసే నష్టం తక్కువ, నీకు చేసే నష్టం ఎక్కువ. ఈసారి ఎవరైనా అడిగితే "థాంక్యూ సార్, చీటీలు నేను సరిచూశా, సంచుల సంగతి కోదాడ అబ్బాయి పట్టుకున్నాడు" అను. ఇద్దరి పనీ ఒక్క ఊపిరిలో అయిపోతుంది.

పేరు పక్కకు పోతే ఏం పోతుందిలే అనుకుంటావేమో, యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకో. భీమవరంలో పుట్టి హార్వర్డ్ చేరిన మనిషి. రక్తంలో, ఇతర ద్రవాల్లో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించారు. పత్రం మీద పేరుంది కాబట్టి ఇవాళ్టికీ దాన్ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటారు, దాన్ని వాడినవాళ్లంతా ఎవరి దగ్గర మొదలైందో తెలుసుకుని వాడారు. కానీ ఆయన వేరుచేసిన మరికొన్ని పదార్థాల సంగతి వెలుగులోకి రాలేదు. 1988లో నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ ఒకచోట చెప్పిందేమిటంటే, సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని, ఆయన పని బయటికి రాకుండా ఫిస్కే అడ్డుపడటమే కారణమని. సుబ్బారావు గారు నష్టపోయారు, నిజమే. దాంతో పాటు చేసిన పనినే మళ్లీ చేయడానికి ఇంకెవరో ఏళ్లు ఖర్చు పెట్టారు. మీ మిల్లులో అంత పెద్ద సంగతి లేదులే. అయినా వచ్చే సీజన్‌లో కొత్త గుమస్తా వచ్చి ఆ 112 చీటీలూ మళ్లీ మొదటి నుంచి పక్కపక్కన పెట్టుకోవడం నీకు ఇష్టమా?

ఇదంతా జరిగిన తర్వాత చేసే మరమ్మతు. మొదటి నుంచీ చేసుకుంటే ఇంత అవసరం ఉండదు. ఇలాంటి పని ఎత్తుకున్న రోజే రెండు వాక్యాల మెయిల్ పెట్టు: ఈ సీజన్ ట్రక్‌షీట్లను కాటా చీటీలతో సరిచూస్తున్నాను, ఫలానా రోజుకు షీట్ పంపుతాను. అప్పటికి ఫలితం ఏమీ లేదు కాబట్టి అందులో గొప్పలకు చోటే లేదు, అయినా ఎవరు మొదలుపెట్టారో నమోదవుతుంది. ఎవరైనా ఫోన్లో కీలకమైన సంగతి చెప్తే ఆ సాయంత్రమే వాళ్లకు, మేనేజర్ గారిని సీసీలో పెట్టి, "మీరు ఇవాళ చెప్పిన సంచుల సంగతి సరిపోయింది, 41 లారీలకూ అదే కారణం" అని రాయి. షీట్ మొదటి పేజీ పైన ఒక వరుస వదిలి, సరిచూసినవారి పేరు, తేదీ, తెలియని సంగతులు రాసుకో. పట్టిక కాపీ చేసినా ఆ వరుస చాలాసార్లు దానితోనే పోతుంది. పోకపోయినా అసలు షీట్‌లో ఉంటుంది.

ప్రతి పనికీ ఇది చేయమనడం లేదు. రోజూ పంపే స్టాకు పట్టికకు "నేను తయారు చేశాను" అని రాస్తే నవ్వుతారు, నవ్వాలి కూడా. మిల్లు తరఫున పౌరసరఫరాల శాఖకు వెళ్లే ఉత్తరంలో మనుషుల పేర్లు ఉండవు, ఉండకూడదు. అది మిల్లు మాట. మేనేజర్ గారు డైరెక్టర్ గారికి నెలవారీ నివేదిక ఇచ్చేటప్పుడు పది పనులను పది వాక్యాల్లో చెప్తారు, అందులో ప్రతివాళ్ల పేరూ రాదు. అది చూసి అలగకు. పనిలో ఎవరూ ముందు చూడనిది కనిపెట్టినప్పుడో, తర్వాత ఎవరైనా దాని మీద ఆధారపడాల్సి వచ్చినప్పుడో మాత్రమే పేరు కోసం పట్టుబట్టు.

ఒకసారి జరిగింది కాబట్టి ఇంత నిదానంగా చెప్తున్నాను. రెండోసారి, మూడోసారి జరిగితే దాన్ని మతిమరుపు అనలేం. అప్పుడు మెయిళ్లలో యుద్ధం చేయకు. ఏ తేదీన ఏ షీట్, ఏ మెయిల్‌లో ఎవరి పేరున పోయిందో మూడు వరుసలు రాసుకుని, మిర్యాలగూడ వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుని మాట్లాడు. కాగితం చూపించి, "సార్, ఇవి నేను చేసినవి, నివేదికలో నా పేరు రాలేదు, ఇకమీదట రావాలని కోరుతున్నా" అను. నీ కళ్లలో నీళ్లు తిరిగే రోజు కాకుండా చూసి వెళ్లు. అప్పటికీ మారకపోతే, జీతం పెంపు మాట్లాడే సమయంలో అదే కాగితం డైరెక్టర్ గారి ముందు పెట్టే హక్కు నీకుంది, అప్పుడు మేనేజర్ గారికి ముందే చెప్పి పెట్టు.

రేపటి మాటకొస్తే, మేనేజర్ గారికి ఫోన్ చేసే ముందే కోదాడ అబ్బాయికి చెయ్యి. ఆ 6 లారీల చీటీల నకళ్లు కాటా దగ్గర దొరుకుతాయేమో కనుక్కో. దొరికితే మెయిల్‌లో ఆ వాక్యం మారుతుంది, 35 అన్నది కూడా మారుతుంది. అతని పేరు ఇంగ్లీషులో ఎట్లా రాసుకుంటాడో కూడా అడుగు.

నీ పెద్దమ్మ